రుమాలు కింది హిసాబు

మొన్న రమజాన్‌లో ఒక సాయంత్రం ఇఫ్తార్ అయ్యాక, తరావీకి ఇంకా టైముందనగా, దుల్హాభాయ్ నన్ను పక్క గదిలోకి పిలిచారు. జకాత్ లెక్క వేసుకుంటున్నారు. సర్కారీ బడిలో టీచరుగా చేసి రిటైరైన మనిషి. ప్రతి ఏడూ ఇదే వరస: ఆపా నగల తూకం, బ్యాంకులో రఖం, చేబదుళ్లు, అన్నీ ఒక పాత లెడ్జర్ పుస్తకంలో రాసుకుంటారు. బ్యాంకు వాళ్లు సేవింగ్స్ ఖాతాలో వేసే వడ్డీని పైసలతో సహా విడిగా తీసి, సవాబ్ ఆశ పెట్టుకోకుండా ఎవరో అవసరమున్న వాళ్లకు ఇచ్చేస్తారు. సూద్ పైసా ఇంట్లో ఉండకూడదు, అంతే.

ఈసారి ఆ లెక్కలోకి షేర్లు కూడా వచ్చాయి. పోయిన ఏడాది ఫోన్‌లో ఒక బ్రోకర్ యాప్ వేసుకుని 2 లక్షల రూపాయల షేర్లు కొన్నారు. షరియా లిస్టులో ఉన్న కంపెనీయే. దాని అప్పులు ఎంత, హరామ్ ఆమ్దనీ ఎంత అని మస్జిద్‌లో తెలిసిన వాళ్లను అడిగి మరీ కొన్నారు. ఇప్పుడు జకాత్ కోసం యాప్‌లో ఖాతా లెడ్జర్ తెరిస్తే రోజుకో వరుస కనబడింది. 48 రూపాయలు. మరుసటి రోజు మళ్లీ 48. ఆదివారం కూడా 48.

“బ్రోకరేజీ సున్నా అన్నారు కదా మియా, ఈ నలభై ఎనిమిది ఎవరికి పోతోంది?” అన్నారు.

వేలితో పైకి తోస్తూ పోయాను. 335 రోజులు. మొత్తం 16,080 రూపాయలు. పక్కన ఇంగ్లీషులో పొట్టి అక్షరాలతో ఉన్న మాటకు అర్థం వడ్డీ అని. ఆయన ముఖం చూడలేకపోయాను. కంపెనీ అప్పులు వెతికి చూసుకున్న మనిషి, తన పేరు మీదే అప్పు ఉందని పదకొండు నెలలు తెలియకుండా ఉన్నారు.

ఆ రాత్రి నుంచి నాకు ఈ దలాలీ తవారీఖ్ మీద పట్టుదల పుట్టింది. దలాల్ ఎలా బతుకుతాడు? మన దగ్గర తీసుకునేది సున్నా అయితే, ఎవరి దగ్గర తీసుకుంటున్నాడు?

దలాల్ అన్న మాట అరబీది. దలీల్ ఏ జడలోంచి పుట్టిందో ఇదీ దానిలోంచే పుట్టింది. దారి చూపడం అని మూలార్థం. ఉర్దూ మీడియంలో చదువుకున్న రోజుల్లో ఉస్తాద్ ఈ రెండు మాటల చుట్టరికం చెప్తే క్లాసంతా నవ్వాం. మా వీధిలో దలాల్ అంటే పశువుల సంతలో తిరిగేవాడు, తిట్టుకు తిట్టు. అరబీలోనే ఇంకో మాట సిమ్‌సార్. మదీనా బజారులో మధ్యవర్తులను ఆ పేరుతోనే పిలిచేవారు. రసూలుల్లాహ్ సల్లల్లాహు అలైహి వసల్లం వాళ్లకు తుజ్జార్ అన్న మంచి పేరు పెట్టి, సౌదాలో వ్యర్థపు మాటలూ ఒట్లూ దొర్లుతాయి కాబట్టి సదఖా కలుపుకోమని చెప్పినట్టు హదీసుల్లో ఉంది. అంటే దలాలీ తప్పు కాదు, పని చేసినవాడికి ఉజ్‌రత్ ఉంటుంది. తకరార్ అంతా ఆ ఉజ్‌రత్ ఎంత, ఎవరికి తెలిసి తీసుకున్నది అన్న దగ్గరే.

పాత దలాల్ రెండు చేతులా తీసుకున్న సంగతి ఢిల్లీ తవారీఖ్‌లోనే ఉంది. అలావుద్దీన్ ఖిల్జీ బజారు ధరలు కట్టడి చేసినప్పుడు గుర్రాల బజారు దలాలులను గట్టిగా పట్టుకున్నాడని జియావుద్దీన్ బరనీ రాశాడు. కొనేవాడి దగ్గరా అమ్మేవాడి దగ్గరా డబ్బు తీసుకుని ధర పైకి లేపుతున్నారన్నది వాళ్ల మీద నేరం. పెద్ద దలాలులను దూరపు కిల్లాల్లో ఖైదు చేయించాడట.

మన గోల్కొండ సంగతి ఇంకా ఆసక్తిగా ఉంటుంది. 17వ శతాబ్దంలో ఇక్కడి వజ్రాల గనులు చూసిన ఫ్రెంచి వర్తకుడు టావెర్నియే అక్కడి బేరం ఎలా జరిగేదో వివరంగా రాశాడు. ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుంటారు. అమ్మేవాడు కొనేవాడి చేయి పట్టుకుని పైన గుడ్డ కప్పుతాడు. చేయి మొత్తం నొక్కితే వెయ్యి, ఒక వేలు పట్టుకుంటే వంద, వేలు సగం వరకే పట్టుకుంటే యాభై. నోటి నుంచి ఒక్క మాట రాదు. చుట్టూ జనం ఉన్నా ధర ఎంతో ఆ ఇద్దరికి తప్ప ఎవరికీ తెలియదు. అదే సరుకు అదే చోట చేతులు మారినా, పాత ధర కొత్తవాడికి తెలియదు. మన పశువుల సంతల్లో తువ్వాలు కింద వేళ్లు పట్టుకునే బేరం చూసినవాళ్లకు ఇది కొత్తేమీ కాదు. ఆ గుడ్డను మీరు గుర్తు పెట్టుకోండి, అమెరికా దాకా దాంతో పని ఉంది.

ఇక షేర్ల దలాలీకి వస్తే, మొదటి ఆమ్దనీ సూటిగా కనబడేదే: కమీషన్. 1792 మే 17న న్యూయార్క్‌లో 24 మంది బ్రోకర్లు ఒక కాగజ్ మీద దస్తఖత్ చేశారు. ఒక చెట్టు పేరుతో బటన్‌వుడ్ ఒప్పందం అంటారు దాన్ని. అందులో సంగతులు రెండే. మనలో మనం ముందు సౌదా చేసుకుందాం, నూటికి పావలా కంటే తక్కువ కమీషన్‌కు ఎవరికీ పని చేయొద్దు. ధర తగ్గించి పోటీ పడొద్దని కసమ్ వేసుకోవడమే అది. ఆ కట్టు ఏదో ఒక రూపంలో 1975 మే 1 దాకా, అంటే 183 ఏళ్లు నడిచింది. ఆ రోజు అమెరికా సర్కారీ సంస్థ ఎస్ఈసీ స్థిర కమీషన్‌ను రద్దు చేసింది. ఆ తర్వాతే చౌక బ్రోకర్లు పుట్టారు.

బొంబాయిలోనూ చెట్టు కిందే మొదలు. మర్రిచెట్టు నీడలో నిలబడి బేరాలాడిన దలాలులు 1875లో సంఘం కట్టుకున్నారు. వాళ్లు చేరిన వీధికి దలాల్ స్ట్రీట్ అనే పేరు వచ్చింది. ఇక్కడ బ్రోకరేజీకి పైన హద్దు నూటికి రెండున్నర రూపాయలు. అయితే ఆ రోజుల్లో కస్టమరుకు అసలు దెబ్బ బ్రోకరేజీలో తగిలేది కాదు. షేరు ఏ ధరకు దొరికిందో చూడ్డానికి అతను అక్కడ ఉండడు కదా. హైదరాబాద్‌లో కూర్చుని బొంబాయి సౌదా చేయించేవాడికి మర్నాడు కాగితం మీద వచ్చిన ధరే ధర. రోజులో అన్నిటికంటే మంచి ధర దలాల్ ఖాతాలోకి, చెడ్డ ధర కస్టమర్ ఖాతాలోకి పోయిందా అంటే రుజువు లేదు. 1994లో ఎన్ఎస్ఈ కంప్యూటర్ తెర మీద సౌదా మొదలుపెట్టాక ప్రతి సౌదాకూ నంబరు, గంట, నిమిషం, సెకను వచ్చాయి. రుమాలు తీసేసినట్టయింది. బ్రోకరేజీ పడిపోవడానికి తెర ఒక పెద్ద సబబ్.

రెండో ఆమ్దనీ అప్పు మీద వచ్చేది. దీని దేశీ పేరు బద్లా. పేరులోనే మనకు తెలిసిన మాట ఉంది. దాని లెక్క నెమ్మదిగా చెప్తాను, ఎందుకంటే దుల్హాభాయ్ 48 రూపాయలకు ఇదే పెద్దన్న.

ఒకతను వారంలో ఒక కంపెనీ షేర్లు 100, ఒక్కోటి 200 చొప్పున కొన్నాడనుకోండి. వారం ముగిసేసరికి 20,000 కట్టి షేర్లు తీసుకోవాలి. కట్టడం ఇష్టం లేదు, లేదా రఖం లేదు. శనివారం నాడు బద్లా బజారు కూర్చుంటుంది. ఎక్స్ఛేంజీ ఒక ధర నిర్ణయిస్తుంది, దానికి హవాలా రేటు అని పేరు. 210 అనుకుందాం. పాత సౌదాను 210 దగ్గర అమ్మినట్టు రాసి, వచ్చే వారానికి 211 దగ్గర తిరిగి కొన్నట్టు రాస్తారు. ఆ మధ్యలో ఉన్న ఒక్క రూపాయే బద్లా చార్జి. డబ్బు పెట్టి షేర్లు ఎత్తుకున్న సేఠ్‌కు అది పోతుంది. దలాల్ తన వాటా తాను తీసుకుంటాడు. 210 మీద ఒక రూపాయి చాలా చిన్నగా కనబడుతుంది. కానీ అది ఒక వారానికి. ఏడాదికి 52 వారాలు, అంటే నూటికి దాదాపు 25 రూపాయల లెక్క. షేర్లకు కరువొచ్చి అమ్మినవాడే ఎదురు చెల్లించాల్సి వస్తే దాన్ని ఉంధా బద్లా అనేవారు, తలకిందులైన బద్లా.

కాగితం మీద ఇందులో ఎక్కడా వడ్డీ అన్న మాట లేదు. ఒక అమ్మకం, ఒక కొనుగోలు. మన ఫిఖ్‌హ్ కితాబుల్లో ఇలాంటి దానికే ఈనా అని పేరుంది. సరుకు అమ్మినట్టు చేసి, అదే సరుకును వేరే ధరకు తిరిగి తీసుకుని, మధ్య తేడాను మిగుల్చుకోవడం. చాలామంది ఫుఖహా దాన్ని సూద్‌కు కప్పిన చాదర్‌గానే చూశారు. బొంబాయి సేఠ్‌లు ఆ కితాబులు చదివి ఇది కనిపెట్టలేదు, అది వేరే సంగతి. డబ్బుకు అద్దె తీసుకోవాలనుకున్నవాడికి ప్రతి దేశంలోనూ ఇలాంటి తలుపు ఒకటి దొరుకుతుంది.

బద్లా వల్ల రఖం లేనివాడు కూడా పెద్ద పెద్ద సౌదాలు వారం నుంచి వారానికి మోసుకుపోగలిగాడు. సెబీ 1993 డిసెంబరులో దాన్ని ఆపింది, 1996లో కొత్త షరతులతో మళ్లీ వదిలింది. 2001లో కేతన్ పారేఖ్ వ్యవహారం పేలి బజారు కుప్పకూలాక, ఆ ఏడాది జూలై 2 నుంచి పూర్తిగా మూసేసింది. కానీ అప్పు మీద షేర్లు కొనాలన్న ఆశ మూతపడదు కదా. 2004లో నియమాలు రాసి, బ్రోకరే కస్టమరుకు అప్పిచ్చి షేర్లు కొనిపించే పద్ధతిని అనుమతించారు. మార్జిన్ ట్రేడింగ్ ఫెసిలిటీ, పొట్టిగా ఎంటీఎఫ్. ఇందులో మాటలు దాచలేదు, వడ్డీని వడ్డీ అనే రాస్తారు. ఎక్కడ రాస్తారన్నదే చిక్కు.

దుల్హాభాయ్‌కు జరిగింది ఇదీ. యాప్‌లో కొనే బటన్ దగ్గర రెండు దారులున్నాయి. ఒకదాంట్లో 2 లక్షలు కట్టాలి. రెండోదాంట్లో 80 వేలు కడితే చాలని కనబడింది. ఆయన రెండోది నొక్కారు. మిగతాది తర్వాత కట్టొచ్చు, కిరాణా కొట్టు ఉద్దర లాంటిదేమో అనుకున్నారు. అదే సాయంత్రం డిపాజిటరీ నుంచి ఒక సందేశం వచ్చింది, ఓటీపీ కొట్టారు. అది షేర్లను బ్రోకర్ దగ్గర గిర్వీ పెట్టే కాగజ్ అని ఆయనకు తెలియదు. 1 లక్షా 20 వేల అప్పు, ఏడాదికి నూటికి 14 రూపాయల 60 పైసలు. 365తో భాగిస్తే రోజుకు కచ్చితంగా 48.

మరి పదకొండు నెలలు ఎలా కనబడలేదు? సౌదా చేసిన రోజు మెయిల్‌కు కాంట్రాక్ట్ నోట్ వస్తుంది. అందులో బ్రోకరేజీ, పన్నులు, ఎక్స్ఛేంజీ చార్జీలు పైసలతో సహా ఉంటాయి. దుల్హాభాయ్ దాన్ని ప్రింటు తీయించి పెట్టుకున్నారు కూడా. కానీ అప్పు మీద వడ్డీ ఆ కాగజ్‌లో ఉండదు. సౌదా ఒక రోజుది, వడ్డీ తర్వాత రోజూ పుట్టేది. అది ఖాతా లెడ్జర్‌లో మాత్రమే పడుతుంది. యాప్ మొదటి తెర మీద లాభనష్టాల అంకె ఒకటి పచ్చగా కనబడుతుంది కదా, అందులోనూ ఈ వడ్డీ తీసేసి చూపరు. ఆయన షేర్లు 2 లక్షల నుంచి 2 లక్షల 9 వేలకు చేరాయి. తెర మీద 9,000 ఫాయిదా. అసల్లో 16,080 బయటికి పోయింది, అంటే 7,080 నుక్సాన్, మిగతా ఖర్చులు లెక్కలోకి రాకముందే. ఆయన అప్పుడప్పుడు “కొంచెం మిగిలి ఉంటే బాగుండు” అనుకుని యాప్‌లో వేసిన రఖం ఈ వడ్డీకే సరిపోయింది.

ఇదే కాక, అప్పు తీసుకోకపోయినా వడ్డీ పడే దారి ఇంకొకటుంది. ఖాతాలో రఖం చాలక మైనస్‌లోకి పోతే, ఆలస్యానికని చార్జి వేస్తారు. రోజుకు వందకు 5 పైసలు అని రాసి ఉంటే నవ్వి ఊరుకోకండి. ఏడాదికది 18 రూపాయల పైనే.

ఇప్పుడు మూడో ఆమ్దనీ. ఇది అమెరికాది. మన పిల్లలు డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో ఫోన్‌లో షేర్లు కొంటుంటారు కాబట్టి ఇంటికొకరికైనా ఇది తగులుతుంది. 1980లలో బెర్నార్డ్ మేడాఫ్ అనే వ్యాపారి ఒక కొత్త పద్ధతిని వాడుకలోకి తెచ్చాడు. 2008లో బయటపడ్డ ఘరానా మోసం ఈ మనిషిదే, కానీ ఇది దానికి వేరు, ఇది చట్టం ఒప్పుకున్న వ్యాపారం. మీ కస్టమర్ల ఆర్డర్లు ఎక్స్ఛేంజీకి పంపకుండా నాకు పంపండి, షేరుకు ఒక సెంటు చొప్పున మీకిస్తా అని బ్రోకర్లకు చెప్పాడు. ఆర్డరే సరుకు అయిపోయింది. దీన్ని ఆర్డర్ ఫ్లో చెల్లింపు అంటారు.

ఆ సెంటు ఎక్కడి నుంచి వస్తుంది? బజారులో ఏ షేరుకైనా ఒకే సమయంలో రెండు ధరలుంటాయి. అమ్మాలంటే దొరికేది 50 డాలర్లు, కొనాలంటే పెట్టాల్సింది 50 డాలర్ల 4 సెంట్లు అనుకోండి. ఒక కస్టమర్ కొంటాడు, ఇంకొకడు అమ్ముతాడు, ఇద్దరి ఆర్డర్లూ ఆ టోకు వ్యాపారి దగ్గరికే వచ్చాయి. మధ్యలో 4 సెంట్లు మిగిలాయి. అందులో ఒక ముక్క కస్టమర్లకు ధర కాస్త మెరుగు చేసి ఇస్తాడు, ఒక ముక్క బ్రోకర్‌కు పంపుతాడు, మిగిలింది తనది. చిన్న మదుపరుల ఆర్డర్లే అతనికి ముద్దు, ఎందుకంటే కంపెనీ గుట్టు తెలిసిన పెద్ద సంస్థలతో సౌదా చేస్తే అతనికే నుక్సాన్ రావచ్చు. న్యాయంగా చెప్పాలంటే, చాలాసార్లు కస్టమరుకు ఎక్స్ఛేంజీలో కనబడే ధరకంటే కొంచెం మంచి ధరే దొరుకుతుంది. ఇంకా ఎంత మంచిది దొరికేదో కస్టమరుకు తెలియదు, అదే గుడ్డ. బ్రోకర్‌కు మాత్రం ఎక్కువ పంచే టోకు వ్యాపారి దగ్గరికే ఆర్డర్లు తోలాలన్న ఆశ పుడుతుంది.

ఇది చదువుతుంటే నాకు తలఖ్ఖీ అన్న మాట గుర్తొచ్చింది. సరుకుతో వస్తున్న కాఫిలా బజారుకు చేరకముందే, ఊరి బయట ఎదురెళ్లి కొనేయడం. హదీసుల్లో దాన్ని మనా చేశారు. కారణం సాఫ్‌గా ఉంది: ఊరి ధర కాఫిలావాడికి ఇంకా తెలియదు. అతను తర్వాత బజారుకొచ్చి చూసుకుంటే సౌదా వెనక్కి తీసుకునే హక్కు కూడా ఉందన్నారు. న్యూయార్క్ టోకు వ్యాపారిది అచ్చంగా అదేనని నేను ఫత్వా ఇవ్వడం లేదు, అక్కడ ధర తెర మీద కనబడుతూనే ఉంటుంది. కానీ బజారుకు చేరకముందే దారిలో పట్టుకోవడం అన్న పోలిక నన్ను వదలడం లేదు.

2019 అక్టోబరులో అమెరికా పెద్ద బ్రోకర్లు చాలామంది ఒకరి వెనక ఒకరు కమీషన్ సున్నా చేశారు. సున్నా కమీషన్‌తోనే పేరు తెచ్చుకున్న రాబిన్‌హుడ్‌కు 2020 డిసెంబరులో ఎస్ఈసీ 6.5 కోట్ల డాలర్ల జుర్మానా వేసింది. ఆర్డర్లు అమ్ముకుని సంపాదిస్తున్నట్టు కస్టమర్లకు సరిగా చెప్పలేదని, వాళ్లకు నాసిరకం ధరలు దొరికాయని అభియోగం. కమీషన్ మిగిలిందంతా తీసేసినా కస్టమర్లు మొత్తం మీద 3.41 కోట్ల డాలర్లు పోగొట్టుకున్నారని ఎస్ఈసీ లెక్క కట్టింది. ఆ కంపెనీ నేరం ఒప్పుకోకుండా, కాదనకుండా కట్టేసింది. సున్నా కమీషన్ అన్నది కొందరికి కమీషన్‌కంటే ఖరీదైందని తేల్చిన హిసాబ్ అది. అక్కడి బ్రోకర్లు మూడు నెలలకోసారి తమ ఆర్డర్లు ఎవరికి పంపారో, ఎంత పుచ్చుకున్నారో బయటపెట్టాలి. రూల్ 606 రిపోర్టు అంటారు. మీ అబ్బాయిని దాన్ని ఒకసారి చూడమనండి.

మన దేశంలో షేర్ల ఆర్డరు ఎక్స్ఛేంజీ తెర మీదికే పోవాలి, ఇలా దారిలో అమ్ముకోవడానికి వీల్లేదు. కానీ చాటు ఆమ్దనీ ఇక్కడా వేరే రూపంలో నడిచింది. ఎక్స్ఛేంజీలు బ్రోకర్ దగ్గర తీసుకునే చార్జీ, అతని మొత్తం సౌదాలు పెరిగే కొద్దీ తగ్గేది. కస్టమర్ దగ్గర మాత్రం బ్రోకర్ పై రేటే వసూలు చేసేవాడు. మచ్చుకు, లక్షకు 3 రూపాయలు తీసుకుని ఎక్స్ఛేంజీకి రెండే కడితే రూపాయి జేబులో. బిల్లులో అది “ఎక్స్ఛేంజీ చార్జీ” అనే ఉంటుంది, బ్రోకర్ ఆమ్దనీ అని కాదు. సెబీ 2024 అక్టోబరు 1 నుంచి దీన్ని ఆపింది. ఎవరి దగ్గరైనా ఒకే రేటు, తీసుకున్నదే కట్టాలి. అది ఆగగానే కొందరు బ్రోకర్లు తమ రుసుములు పెంచుకున్నారు. ఎక్కడి నుంచి బతుకుతున్నారో అప్పుడు బయటపడింది.

దుల్హాభాయ్‌తో ఆ రాత్రి తరావీ తర్వాత మళ్లీ కూర్చుని ఒక లెక్క వేశాం. లక్ష రూపాయల షేర్లు కొని, 60 రోజులు ఉంచుకుని, అదే లక్షకు అమ్మితే ఎంత పోతుంది? మూడు రకాలుగా వేశాం.

మొదట పాతకాలపు బ్రోకర్. నూటికి అర్ధ రూపాయి బ్రోకరేజీ. కొన్నప్పుడు 500, అమ్మినప్పుడు 500, దాని మీద జీఎస్టీ 180. సర్కారుకు పోయే ఎస్‌టీటీ కొన్నప్పుడు 100, అమ్మినప్పుడు 100. స్టాంపు డ్యూటీ కొన్నప్పుడు మాత్రం 15. ఎక్స్ఛేంజీకీ సెబీకీ పోయేవి, వాటి జీఎస్టీతో సహా 7 రూపాయలు దాకా. అమ్మినప్పుడు డీమ్యాట్ ఖాతా నుంచి షేర్లు తీసినందుకు డీపీ చార్జి 18 అనుకున్నాం, బ్రోకర్‌ను బట్టి అటూ ఇటూ ఉంటుంది. మొత్తం 1,420.

రెండోది, డెలివరీకి బ్రోకరేజీ సున్నా అనే బ్రోకర్. 500, 500, 180 పోయాయి. మిగతావన్నీ అవే. మొత్తం 240. ఇందులో బ్రోకర్‌కు చేరేది దాదాపు ఏమీ లేదు. ఇక్కడ దుల్హాభాయ్ ఆగి, “మరి వాడేం తింటాడు?” అన్నారు. సరైన సవాల్ అదే.

మూడోది అదే సున్నా బ్రోకర్, కానీ 40 వేలు మనవి, 60 వేలు వాళ్లవి, ఏడాదికి నూటికి 15 వడ్డీ. 60 వేల మీద 60 రోజులకు 1,479. అప్పు సౌదాలకు సున్నా వర్తించదు, ఆర్డరుకు 20 చొప్పున రెండుసార్లు, జీఎస్టీతో 47. గిర్వీ పెట్టడానికీ విడిపించడానికీ ఒక 40. పైన చెప్పిన 240 కలిపితే 1,806. ఖరీదైనవాడు అనుకున్న పాత బ్రోకర్ 1,420 దగ్గరే ఆగాడు. పైగా ఈ 1,806 పోయింది లక్ష మీద కాదు, మన సొంత 40 వేల మీద. నూటికి నాలుగున్నర, అదీ రెండు నెలల్లో, షేరు ఒక్క పైసా కదలకుండా.

నేనైతే ఇప్పుడు ఒక్క పద్ధతే వాడుతున్నాను. బ్రోకర్ ప్రకటనలోని రేటు చూడను. నెలాఖరుకు లెడ్జర్ దింపుకుని, నా బ్యాంకు నుంచి బ్రోకర్‌కు పోయిన రఖం, అక్కడి నుంచి తిరిగొచ్చిన రఖం, ఇప్పుడు మిగిలిన షేర్ల విలువ, ఖాతాలో నగదు, ఈ నాలుగు రాస్తాను. కాంట్రాక్ట్ నోట్ల ప్రకారం ఉండాల్సిన దానికీ దీనికీ తేడా వస్తే, ఆ తేడా ఏ వరుసలో ఉందో వెతుకుతాను. ఏడాదికోసారి కోసే డీమ్యాట్ నిర్వహణ రుసుము కూడా అలాగే దొరుకుతుంది. ఈ లెక్కకూ అందనిది ఒకటుంది, కొనే ధరకూ అమ్మే ధరకూ మధ్య ఉండే సందు. 500 రూపాయల షేరుకు కొనుగోలు ధర 500.20, అమ్మకం ధర 499.80 ఉంటే, 200 షేర్లు తీసుకుని వెంటనే తిరిగి అమ్మినా 80 రూపాయలు పోయినట్టే. పెద్ద కంపెనీల్లో ఈ సందు తక్కువ, పేరు వినని చిన్న షేర్లలో ఎక్కువ. ధర రాసి ఆర్డరు పెట్టేవాడికి కొంత అదుపు ఉంటుంది. ఎంతకైనా సరే అని బటన్ నొక్కేవాడికి ఉండదు.

మర్నాడు జుహర్ తర్వాత దుల్హాభాయ్ ముఫ్తీ సాబ్ దగ్గరికి వెళ్లారు. తెలియక కట్టిన సూద్ గురించి అడిగారు. ఏం చెప్పారో నాకు చెప్పలేదు, నేనూ అడగలేదు. అక్కడి నుంచి బ్యాంకుకు పోయి, ఆపాకు చెప్పి, హజ్ కోసం దాచిన దాంట్లోంచి 1 లక్షా 20 వేలు బ్రోకర్ ఖాతాకు పంపి, ఆ షేర్లను మామూలు డెలివరీలోకి మార్పించారు. రెండు రోజులయ్యాక ఫోన్ చేశారు.

“నలభై ఎనిమిది ఆగింది మియా. కానీ ఇవాళ ఇంకో వరుస పడింది. గిర్వీ విడిపించినందుకట. జీఎస్టీ వేరే.”

లెడ్జర్ పుస్తకంలో రాసుకున్నారా అని అడిగాను. రాసుకున్నానన్నారు.